ఫాస్టాగ్‌లో టోల్ తప్పుగా కోతపడితే

ఫాస్టాగ్ నుంచి టోల్ కోతపడటానికి క్షణాలే పడుతుంది. కానీ ఆ క్షణాల్లో సమాచారం చాలా చేతులు మారుతుంది. కారు అద్దానికి లోపలివైపు అతికించిన ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. లేన్ పైన బిగించిన రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే అది తన నంబరు చెబుతుంది. ఆ నంబరు, చదివిన సమయం, లేన్, బండి తరగతి అన్నీ కలిపి టోల్ ప్లాజా కంప్యూటర్ తన తరఫు బ్యాంకుకు పంపుతుంది. ఆ బ్యాంకు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నడిపే నెట్‌వర్క్‌కు అందిస్తుంది. నెట్‌వర్క్ నుంచి అది ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు వాలెట్ నుంచి డబ్బు తీసి, యజమాని ఫోనుకు మెసేజ్ పంపుతుంది.

అంటే డబ్బు తీసింది యజమాని బ్యాంకు, తీయమని చెప్పింది మాత్రం టోల్ ప్లాజా. బండి నిజంగా ఆ లేన్‌లోకి వచ్చిందా, ఒకసారే వచ్చిందా అన్నది బ్యాంకుకు తెలిసే వీలు లేదు. దానికి కనిపించేది ప్లాజా పంపిన ఒక వరుస సమాచారమే. ఫొటోలు, వీడియో, గేటు లేచిన సమయం ప్లాజా దగ్గరే ఉంటాయి. అందుకే ఫిర్యాదు వెళ్లాల్సింది బ్యాంకుకు అయినా, దాన్ని తేల్చేది ప్లాజా రికార్డు. ఈ సంగతి తెలియకపోవడం వల్లే చాలా ఫిర్యాదులు 'డబ్బు ఎక్కువ కట్ అయింది, వెనక్కి ఇవ్వండి' అన్న ఒక్క మాటతో వెళ్లి, అంతే పొడిగా తిరిగివస్తాయి. లేన్, సమయం, దిశ చూపించి, ఫలానా లావాదేవీ తప్పని చెప్పిన ఫిర్యాదుకు ప్లాజా తన ఫొటోలు బయటపెట్టి జవాబు చెప్పక తప్పదు.

ముందు చూసుకోవాల్సినవి

తప్పు కోతలా కనిపించేవన్నీ తప్పు కోతలు కావు. ఇంట్లో కూర్చుని ఉండగా రాత్రి పదకొండింటికి టోల్ మెసేజ్ వస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. ప్లాజాలో నెట్‌వర్క్ పోయినప్పుడు రీడర్ చదివిన ట్యాగ్‌ల వివరాలు అక్కడి కంప్యూటర్‌లో నిల్వ ఉండి, లైను వచ్చాక ఒక్కసారిగా వెళతాయి. పొద్దున దాటిన గేటు డబ్బు రాత్రి పడటానికి కారణం అదే. కాబట్టి మెసేజ్ వచ్చిన సమయాన్ని పట్టించుకోకూడదు. మెసేజ్ లోపల రాసి ఉన్న సమయాన్ని, లేదా బ్యాంకు యాప్ స్టేట్‌మెంట్‌లో రీడర్ ట్యాగ్‌ను చదివిన సమయంగా చూపే దాన్ని చూడాలి. స్టేట్‌మెంట్లలో సాధారణంగా రెండు సమయాలుంటాయి: లావాదేవీ జరిగిన సమయం, ఖాతాలో నమోదైన సమయం. తేల్చేది మొదటిదే. ఆ సమయానికి బండి ఆ గేటు దగ్గరే ఉన్నట్టు గుర్తుంటే, మెసేజ్ ఆలస్యంగా వచ్చిందంతే.

రెండోది, రానుపోను లెక్క. జాతీయ రహదారుల టోల్‌కు 2008లో వచ్చిన నిబంధనల ప్రకారం 24 గంటల్లోపు అదే గేటు దాటి తిరిగివస్తే రెండు ప్రయాణాలకు కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లు చెల్లిస్తే చాలు. ఒకవైపు రూ.100 అయితే రెండువైపులా కలిపి రూ.150. ఫాస్టాగ్‌లో ఈ తగ్గింపు దానంతట అదే అమలవుతుంది: వెళ్లేటప్పుడు పూర్తి మొత్తం, వచ్చేటప్పుడు మిగిలిన సగం. రుసుములను ఐదు రూపాయల గుణిజాలుగా సవరిస్తారు కాబట్టి రెండోసారి పడేది కచ్చితంగా సగం కాకపోవచ్చు. 24 గంటలు మొదటిసారి దాటిన క్షణం నుంచి మొదలవుతాయి, తేదీ మారడంతో సంబంధం లేదు. శనివారం మధ్యాహ్నం వెళ్లి ఆదివారం పొద్దున తిరిగొచ్చినా తగ్గింపు వర్తిస్తుంది. ఆదివారం సాయంత్రమైతే వర్తించదు, పూర్తి మొత్తం పడటం సరైనదే. అలాగే ఏప్రిల్ 1న రేట్లు మారతాయి. పాత రేటు గుర్తుపెట్టుకుని ఎక్కువ తీశారనుకోవడం కూడా మామూలే. ఏ గేటు దగ్గర ఏ బండికి ఎంతన్నది tis.nhai.gov.in లో గేటు పేరుతో వెతికి చూసుకోవచ్చు.

మూడోది, ఒకే బండిపై రెండు ట్యాగ్‌లు. బ్యాంకు మారినప్పుడు కొత్త ట్యాగ్ అతికించి పాతదాన్ని అలాగే వదిలేసేవారు తక్కువేమీ కాదు. రెండూ పనిచేస్తుంటే రీడర్‌కు రెండూ వినిపిస్తాయి. ఒక్కో కోత ఒక్కో బ్యాంకులో పడుతుంది కాబట్టి ఏ స్టేట్‌మెంట్ చూసినా ఒకే కోత కనిపిస్తుంది. ఒక బండికి ఒకే ఫాస్టాగ్ అన్న నిబంధన తెచ్చింది ఇలాంటి వాటిని తగ్గించడానికే. ఆ నంబరుపై ఏ బ్యాంకు ట్యాగ్ చురుగ్గా ఉందో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లోని ఫాస్టాగ్ స్టేటస్ పేజీలో బండి నంబరు ఇచ్చి తెలుసుకోవచ్చు. ఈ పని ఫిర్యాదుకు ముందే చేయాలి. పాత ట్యాగ్ ఇంకా బతికి ఉంటే, దాన్ని మూయించకుండా చేసే ఫిర్యాదు వల్ల ప్రయోజనం లేదు.

తప్పు ఎక్కడ పుడుతుంది

నిజమైన తప్పులు ఎక్కువగా మనిషి చెయ్యి పడిన చోటే పుడతాయి. రీడర్ ట్యాగ్‌ను చదవలేకపోతే సిబ్బంది చేతిలో పట్టుకునే స్కానర్ తెచ్చి అద్దానికి ఆనించి చదువుతారు. కొన్నిసార్లు పైన ఉన్న రీడర్ అప్పటికే చదివేసి ఉంటుంది. గేటు కడ్డీ లేవడం ఆలస్యమవుతుంది. వెనక బండ్లు హారన్ కొడుతుంటాయి, సిబ్బంది మళ్లీ స్కాన్ చేస్తారు. ఒకే దాటుడుకు రెండు లావాదేవీలు పుడతాయి. జంట కోతల్లో ఇది తరచుగా కనిపించే రకం, నిరూపించడం కూడా తేలికే. ఒకే గేటు దగ్గర నిమిషం రెండు నిమిషాల తేడాతో ఒకే బండి రెండుసార్లు దాటడం జరిగే పని కాదు.

చేతి స్కానర్‌తోనూ పని జరగకపోతే సిబ్బంది బండి నంబరును కీబోర్డుపై కొడతారు. అక్కడ ఒక అంకె తప్పితే డబ్బు ఇంకెవరి ట్యాగ్ నుంచో పోతుంది. బండి ఇంటి ముందు నిలిపి ఉన్నా ఎప్పుడూ వెళ్లని జిల్లా టోల్ పడటం వెనక చాలావరకు ఇదే ఉంటుంది. ఇలా చేత్తో నమోదు చేయడం వల్ల జరిగే తప్పు కోతలపై హైవే అథారిటీ ఏర్పాటు చేసిన ఇండియన్ హైవేస్ మేనేజ్‌మెంట్ కంపెనీ టోల్ నిర్వాహకులపై లక్ష రూపాయలు, అంతకు మించి జరిమానా వేస్తోంది. 2025 ఫిబ్రవరి నాటికి కనీసం 250 సందర్భాల్లో అలా జరిమానా పడిందన్న వార్త వచ్చింది. ఈ రకం ఫిర్యాదులను ఆ సంస్థ నేరుగా తీసుకోవడానికి falsededuction@ihmcl.com అనే మెయిల్ కూడా ఉంది. కోల్పోయింది ఎనభై రూపాయలే కదా అని వదిలేసేవారికి ఈ జరిమానా సంగతి తెలిసి ఉండాలి. ఒక్క ఫిర్యాదుతో ప్లాజా లెక్కలోకి వచ్చేది ఆ ఎనభై రూపాయల కంటే చాలా పెద్దది.

మూడో రకం, నగదు కట్టించుకున్నాక ట్యాగ్ నుంచి కూడా పోవడం. రీడర్ పనిచేయలేదంటూ సిబ్బంది డబ్బు అడుగుతారు. నిజానికి 2018 మే నెలలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ట్యాగ్ చెల్లుబాటులో ఉండి, బాలెన్సు ఉండి, లోపం ప్లాజా యంత్రంలో ఉంటే రుసుము తీసుకోకుండానే బండిని వదలాలి, సున్నా మొత్తంతో రసీదు ఇవ్వాలి. ఆచరణలో చాలామంది గొడవెందుకని కట్టేస్తారు. తర్వాత కాసేపటికి నిల్వలో ఉన్న లావాదేవీ వెళ్లి ట్యాగ్ నుంచీ కోతపడుతుంది. ఇక్కడ కాగితం రసీదు ఒక్కటే ఆధారం. దాని మీద గేటు పేరు, లేన్, తేదీ, సమయం, బండి తరగతి ఉంటాయి. రసీదు తీసుకోకుండా కదిలితే ఈ రకం ఫిర్యాదు నిలబడటం కష్టం. యూపీఐతో కట్టి ఉంటే ఆ చెల్లింపు వివరం కొంత ఆదుకుంటుంది, కానీ అందులో బండి నంబరు ఉండదు.

బండి తరగతి తప్పడం వీటికి భిన్నమైనది. ట్యాగ్ ఇచ్చేటప్పుడే ఇది కారా, చిన్న సరుకుల బండా, బస్సా అని బ్యాంకు నమోదు చేస్తుంది. లేన్‌లో ఇరుసులను, ఆకారాన్ని కొలిచే యంత్రం వేరే ఉంటుంది. ట్యాగ్ చెప్పిన తరగతి, యంత్రం కొలిచిన తరగతి కలవకపోతే ప్లాజా ఫొటోలు జతచేసి తేడా మొత్తాన్ని తర్వాత వసూలు చేయగలదు. యజమాని కంటికి ఇది గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత వచ్చిన రెండో కోతలా కనిపిస్తుంది. మొత్తం పూర్తి రుసుము కాకుండా ఏదో తేడాలా ఉంటే ఈ కోణంలో చూడాలి. కారుకు ట్యాగ్ ఇస్తూ బ్యాంకే పెద్ద తరగతిలో నమోదు చేసి ఉంటే మాత్రం ప్రతి గేటు దగ్గరా ఎక్కువే పోతుంది. దానికి ప్లాజాను అడిగి లాభం లేదు. ఆర్సీ జతచేసి తరగతి సరిచేయమని ముందు బ్యాంకును అడగాలి, ఆ తర్వాతే పాత కోతల సంగతి.

ఒక ప్రయాణం లెక్క

హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్లి అదే రోజు తిరిగివచ్చిన ఒక కారును ఊహించుకుందాం. 65వ నంబరు జాతీయ రహదారిపై ఆ దారిలో పంతంగి, కొర్లపహాడ్ గేట్లు ఉన్నాయి. లెక్క తేలిగ్గా ఉండేందుకు పంతంగి దగ్గర ఒకవైపు రూ.100 అనుకుందాం, అసలు రేటు ఇది కాదు. పొద్దున 6:52కు వెళ్లేటప్పుడు రూ.100 పోయింది. రాత్రి 7:18కి తిరిగివచ్చేటప్పుడు కడ్డీ వెంటనే లేవలేదు. సిబ్బంది చేతి స్కానర్ తెచ్చి ట్యాగ్ చదివారు, గేటు తెరుచుకుంది. ఇంటికొచ్చాక చూస్తే రాత్రి రెండు కోతలున్నాయి: 7:18:05కు రూ.50, 7:19:40కి రూ.100.

రెంటిలో ఏది తప్పు? చూడగానే రూ.100 కదా, రూ.50 కదా అన్న అయోమయం వస్తుంది. మొదటి రూ.50 పైన రీడర్ చదివినది, అది సరైన తిరుగు రుసుము. దాంతో రానుపోను జత పూర్తయిపోయింది. అందుకే నిమిషమున్నర తర్వాత చేతి స్కానర్ చదివినదాన్ని సిస్టమ్ కొత్త ప్రయాణంగా భావించి పూర్తి రూ.100 వేసింది. ఆ కారు పంతంగి దగ్గర చెల్లించాల్సింది మొత్తం రూ.150, చెల్లించింది రూ.250. అడగాల్సింది 7:19:40 లావాదేవీ మొత్తం రూ.100. 'రెండుసార్లు కట్ అయింది, ఒకటి వెనక్కి ఇవ్వండి' అని రాస్తే బ్యాంకు ఉద్యోగి రూ.50 లావాదేవీని ఎంచుకునే వీలుంది. రెండు మొత్తాలూ వేర్వేరుగా ఉన్నాయి కాబట్టి ఇది జంట కోతే కాదని పక్కన పెట్టే వీలూ ఉంది. అందుకే ఏది సరైనది, ఏది తప్పు, ఎందుకు అన్నది ఫిర్యాదులోనే రాయాలి.

ఆ రాత్రి, లేదా మర్నాడు పొద్దున, చేయాల్సిన పని యాప్ స్టేట్‌మెంట్‌ను పీడీఎఫ్‌గా దించుకోవడం. ఆ రోజు పంతంగి దగ్గర పడిన మూడు కోతలూ అందులో ఉండాలి, సరైనవి కూడా. తప్పు కోతను ఒంటరిగా పంపితే అది తప్పెందుకో కనిపించదు. పక్కన పొద్దుటి రూ.100, రాత్రి రూ.50 ఉంటే చదివినవారికి కథ మొత్తం ఒక్క చూపులో అర్థమవుతుంది. ప్రతి వరుసలో లావాదేవీ నంబరు, గేటు పేరు, లేన్, దిశ, సమయం, మొత్తం ఉంటాయి. యాప్‌లో లేన్ చూపకపోతే బ్యాంకును అడిగితే ఇస్తారు. దీంతోపాటు బండి నంబరు ప్లేటు, అద్దంపై ట్యాగ్ రెండూ కనిపించే ఫొటో, ఆర్సీ కాపీ. డాష్‌క్యామ్ ఉంటే 7:15 నుంచి 7:25 వరకు ఉన్న ముక్కను వెంటనే విడిగా దాచుకోవాలి, లేకపోతే కొత్త రికార్డింగ్ దానిమీద పడి పోతుంది. గేటు దాటాక కొద్ది దూరంలో పెట్రోలు పోయించుకున్న బిల్లు ఉంటే అదీ పనికొస్తుంది. 7:19కి గేటు దగ్గర ఉన్న కారు వెనక్కి తిరిగి మళ్లీ వెళ్లలేదని అది చెబుతుంది.

ఫిర్యాదు పాఠం చిన్నదిగా ఉండాలి. ఈ కేసులో ఇంత చాలు: 'నా కారు పంతంగి ప్లాజాను ఆ రోజు రెండుసార్లే దాటింది: ఉదయం 6:52కు విజయవాడ వైపు, రాత్రి 7:18కి హైదరాబాద్ వైపు. ఈ రెండు కోతలు, రూ.100, రూ.50, సరైనవి. రాత్రి 7:19:40కి ఫలానా నంబరుతో పడిన రూ.100 లావాదేవీ, అప్పటికే కోతపడిన ట్యాగ్‌ను సిబ్బంది చేతి స్కానర్‌తో మళ్లీ చదవడం వల్ల పడింది. ఆ లావాదేవీకి సంబంధించిన లేన్ ఫొటోలు ప్లాజా నుంచి తెప్పించి, రూ.100 తిరిగి జమ చేయగలరు.' చివరి వాక్యం ముఖ్యం. ఫొటోలు అడగడం వల్ల బ్యాంకు ప్లాజా మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పి ముగించలేదు.

ఎవరికి, ఏ వరుసలో

మొదట ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు. ట్యాగ్ బయట కొన్నా, టోల్‌గేటు దగ్గర స్టాల్‌లో కొన్నా, దాని మీద ఏ బ్యాంకు పేరుందో ఆ బ్యాంకే. బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీ ఎదురుగానే ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉంటే అదే మంచి దారి, ఎందుకంటే లావాదేవీ నంబరు దానంతట అదే చేరుతుంది. యాప్‌లో లేకపోతే ట్యాగ్‌పై లేదా బ్యాంకు అధికారిక వెబ్‌సైట్‌లో ఇచ్చిన నంబరుకు చెప్పి, మెయిల్ కూడా పంపాలి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయకూడదు. రీఫండ్ పేరుతో ఓటీపీ అడిగే మోసగాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. అసలైన రీఫండ్‌కు ఓటీపీ అవసరమే లేదు. ఏ దారిలో చేసినా ఫిర్యాదు నంబరు చేతిలోకి రావాలి, అది లేకుండా తర్వాతి మెట్టు ఎక్కలేరు.

అప్పుడు లోపల జరిగేది ఇది. యజమాని బ్యాంకు, ఆ లావాదేవీ తప్పని నెట్‌వర్క్ ద్వారా ప్లాజా బ్యాంకుపై దావా వేస్తుంది. బ్యాంకు భాషలో దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. ప్లాజా బ్యాంకు ప్లాజాను వివరణ అడుగుతుంది. ప్లాజా తప్పు ఒప్పుకుంటే డబ్బు వెనక్కి వస్తుంది. ఒప్పుకోకపోతే ఆ లావాదేవీ నాటి ఫొటోలు, వివరాలు జతచేసి తిప్పికొట్టాలి. ఇచ్చిన గడువులో జవాబు రాకపోతే దావా యజమాని వైపే తేలుతుంది. గడువులున్న ఆట కాబట్టి యజమాని కూడా ఆలస్యం చేయకూడదు. బ్యాంకులు ఎన్ని రోజుల్లోపు ఫిర్యాదు తీసుకుంటాయన్నది ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటుంది. ప్లాజా కెమెరాల వీడియో కూడా ఎప్పటికీ ఉండదు. తప్పు కనిపించిన వారంలోనే పంపడం మంచిది. నెలకోసారి స్టేట్‌మెంట్ చూసేవారు పాత తప్పులను పట్టుకోగలరు కానీ, అప్పటికి వాటి ఆధారాలు చెరిగిపోయి ఉండవచ్చు.

బ్యాంకుతోపాటు హైవే అథారిటీ హెల్ప్‌లైన్ 1033కు కూడా చెప్పడం వల్ల లాభం ఉంది. ఈ నంబరుకు దేశంలో ఎక్కడి నుంచైనా ఫోన్ చేయవచ్చు. ప్లాజా నిర్వాహకుడి తప్పు అక్కడ నమోదైతే, పైన చెప్పిన జరిమానా దారి తెరుచుకుంటుంది. అయితే 1033 డబ్బు వెనక్కి వేయదు. డబ్బు తిరిగి రావాల్సింది బ్యాంకుల మధ్య జరిగే దావా ద్వారానే. 1033కు చెప్పాం కదా అని బ్యాంకుకు రాయకపోవడం చాలామంది చేసే పొరపాటు.

ఎప్పుడూ వెళ్లని చోట కోత

బండి కదలనే లేదన్న కేసులో నిరూపించాల్సింది వేరు. అక్కడ ప్లాజా దగ్గర బండి లేదని చూపడం కంటే, బండి మరోచోట ఉందని చూపడం తేలిక. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉన్న సీసీ కెమెరా వీడియో, పార్కింగ్ రసీదు, బండి సర్వీసుకు ఇచ్చి ఉంటే జాబ్ కార్డు, జీపీఎస్ పరికరం ఉంటే ఆ రోజు నివేదిక పనికొస్తాయి. ఫోన్ లొకేషన్ చరిత్ర కొంతవరకే పనికొస్తుంది. ఫోన్ ఇంట్లో ఉండి బండి బయటకు వెళ్లవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆధారం ఎప్పుడూ బండికి ముడిపడి ఉండాలి.

ఈ రకంలో ప్లాజా ఇచ్చే ఫొటో అన్నిటికంటే గట్టిది. ఫొటోలో వేరే బండి, వేరే నంబరు ఉంటే అంకె తప్పు కొట్టారని తేలిపోతుంది. ఫొటోలో అదే నంబరు ప్లేటు మరో బండికి తగిలించి ఉంటే విషయం టోల్ దాటిపోతుంది. ఎవరో అదే నంబరుతో తిరుగుతున్నారని అర్థం. అప్పుడు పోలీసు ఫిర్యాదు చేయడం తప్పనిసరి, ఎందుకంటే రేపు చలాన్లు, ప్రమాదాలు కూడా ఆ నంబరు మీదకే వస్తాయి. ఆ ఫొటో కాపీని, పోలీసు ఫిర్యాదు రసీదును బ్యాంకుకు అందజేయాలి.

ఏడాది పాస్ తీసుకున్నవారికి తప్పు కోత వేరే రూపంలో కనిపిస్తుంది. 2025 ఆగస్టు 15న రూ.3,000తో మొదలైన ఈ పాస్ ప్రైవేటు కార్లు, జీపులు, వ్యాన్లకు ఏడాది లేదా 200 ప్రయాణాలు, ఏది ముందైతే అంతవరకు పనిచేస్తుంది. జంట కోత పడితే డబ్బు పోదు, ఒక ప్రయాణం అదనంగా తగ్గుతుంది. మెసేజ్‌లో మిగిలిన ప్రయాణాల సంఖ్య చూస్తే తెలుస్తుంది. పాస్ ఉండగా వాలెట్ నుంచి డబ్బు పోయిందంటే ముందు చూడాల్సింది ఆ గేటు ఎవరిదన్నది. ఈ పాస్ జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల గేట్లకే చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వాల, స్థానిక సంస్థల గేట్ల దగ్గర మామూలుగా కోతపడుతుంది, అది తప్పు కాదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఆ కోవలోదే. ఈ 158 కిలోమీటర్ల దారిలో ఎక్కిన చోటు, దిగిన చోటు మధ్య దూరాన్నిబట్టి టోల్ తీస్తారు. ఎక్కేటప్పుడు ట్యాగ్ సరిగా నమోదు కాకపోతే దిగేటప్పుడు దూరం లెక్క తప్పే వీలుంది. ఇక్కడ వివాదం ఎన్నిసార్లు దాటారన్నది కాదు, ఎక్కడ ఎక్కారన్నది. కాబట్టి ఎక్కిన ఇంటర్‌ఛేంజి పేరు, సమయం చూపే ఆధారం కావాలి. లోపలికి వచ్చినప్పటి డాష్‌క్యామ్ ముక్క, దానికి ముందు అదే దారిలో తీసుకున్న పెట్రోలు బిల్లు లాంటివి పనికొస్తాయి. బ్యాంకుకు ఫిర్యాదు చేసే పద్ధతి మారదు. కానీ ఇది జాతీయ రహదారి కాదు కాబట్టి 1033కు బదులు ఆ రోడ్డు నిర్వాహకులను అడగాలి.

తిరస్కరించినప్పుడు

దావాను ప్లాజా తిప్పికొడితే బ్యాంకు చాలాసార్లు 'లావాదేవీ సరైనదేనని ప్లాజా ధ్రువీకరించింది' అని ఒక వాక్యం పంపి ఫిర్యాదు మూసేస్తుంది. అక్కడితో ఆగాల్సిన పనిలేదు. ప్లాజా పంపిన ఫొటోలను చూపమని బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. ఫొటో వచ్చాక మూడు విషయాలు చూడాలి. నంబరు ప్లేటు చదవగలిగేలా ఉందా, ఫొటోపై ముద్రించిన సమయం వివాదంలో ఉన్న లావాదేవీ సమయమేనా, లేన్ అదేనా. పంతంగి ఉదాహరణలో ప్లాజా 7:18 నాటి ఫొటోనే 7:19 లావాదేవీకి ఆధారంగా పంపవచ్చు. కారు అదే, నంబరు అదే కాబట్టి తొందరగా చూసినవారికి సరైనదే అనిపిస్తుంది. సమయం చదివితే అది మొదటి దాటుడు ఫొటో అని తెలిసిపోతుంది. రెండో ఫొటో లేకపోవడమే రెండో దాటుడు జరగలేదనడానికి రుజువు. ఈ ఒక్క మాట రాసి ఫిర్యాదును తిరిగి తెరవమంటే బ్యాంకు తర్వాతి దశ దావాకు వెళ్లగలదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సందేహాలుంటే 14448కు ఫోన్ చేయవచ్చు. అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు సేవలో లోపాన్ని. కాబట్టి అక్కడ టోల్‌గేటు సిబ్బంది ప్రవర్తన గురించి రాయడం కంటే, బ్యాంకు ఏ తేదీన ఫిర్యాదు అందుకుంది, ఏ ఆధారాన్ని చూడకుండా మూసేసింది, ఫొటో అడిగితే ఇచ్చిందా లేదా అన్నవి తేదీల వరుసలో రాయాలి. మొదటి రోజు తీసుకున్న ఫిర్యాదు నంబరు ఇక్కడే కావాల్సి వస్తుంది. ప్లాజాపై, బ్యాంకుపై కలిపి పరిహారం కూడా అడగాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 సలహా ఇస్తుంది, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది.

టోల్ రేటు ఎక్కువగా ఉందన్న అభ్యంతరం, 24 గంటలు దాటి పది నిమిషాలే ఆలస్యమైందన్న విన్నపం, రోడ్డు బాగాలేదన్న ఫిర్యాదు ఈ దారిలో నడవవు. బ్యాంకుల మధ్య దావా తేల్చేది ఒక లావాదేవీ నిజంగా జరిగిందా, సరైన మొత్తానికి జరిగిందా అన్నంత వరకే.

డబ్బు తిరిగివచ్చినప్పుడు అది ట్యాగ్ వాలెట్‌లోకి, లేదా ట్యాగ్‌కు ముడిపడిన ఖాతాలోకి జమ అవుతుంది. స్టేట్‌మెంట్‌లో అది వేరే నంబరుతో, వేరే తేదీతో కొత్త వరుసగా కనిపిస్తుంది కాబట్టి పాత లావాదేవీ పక్కనే వెతికితే దొరకదు. ఫిర్యాదు నంబరుతో, మొత్తంతో పోల్చి చూసుకుని, ఏడాది పాస్ అయితే ప్రయాణాల సంఖ్య ఒకటి పెరిగిందో లేదో సరిచూసుకున్నాకే ఫిర్యాదు మూసేందుకు ఒప్పుకోవాలి.